హద్దు మీద కాలమ్ వస్తే స్ట్రాప్ బీమ్ ఎలా వేయాలి: లెక్క నుంచి కాంక్రీట్ దాకా

ప్లాట్ చిన్నదైతే గోడ హద్దు దాకా తీసుకెళ్ళాలనుకుంటాం, దాంతో ఆ వైపు కాలమ్ బయటి మొహం సరిగ్గా హద్దు గీత మీదకే వచ్చేస్తుంది. పైన చూడ్డానికి ఏం తేడా ఉండదు గానీ భూమిలో మాత్రం పెద్ద చిక్కు, ఎందుకంటే ఫుటింగ్‌ని పక్కవాళ్ళ స్థలంలోకి పెంచలేం, మొత్తం మన వైపుకే పెంచాలి. అప్పుడు కాలమ్ ఫుటింగ్ మధ్యలో కాకుండా ఒక చివర కూర్చుంటుంది. లోడు చివర దిగుతుంది, నేల మాత్రం ఫుటింగ్ మధ్య నుంచి పైకి తోస్తుంది, ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరం వల్ల ఫుటింగ్ హద్దు వైపుకి ఒరగాలని చూస్తుంది.

ఆ ఒరుగుడుని ఆపడానికే స్ట్రాప్ బీమ్. లోపలి కాలమ్ ఫుటింగ్‌కీ హద్దు ఫుటింగ్‌కీ మధ్య ఒక గట్టి బీమ్ వేసి రెండిటినీ కలిపేస్తాం. హద్దు కాలమ్ కిందకి నొక్కుతుంటే బీమ్ అవతలి చివర పైకి లేవాలని చూస్తుంది, లోపలి కాలమ్ తన బరువుతో దాన్ని పట్టి ఉంచుతుంది. బావి దగ్గర ఏతం కొయ్యలాగా అనుకోండి, హద్దు ఫుటింగ్ ఆనుకునే చోటు, లోపలి కాలమ్ అవతలి చివర కట్టిన బరువు. ఈ ఒక్క బొమ్మ బుర్రలో ఉంటే రాడ్లు పైన ఎందుకు ఎక్కువ వేయాలో, బీమ్ కింద ఖాళీ ఎందుకు ఉంచాలో రెండూ వాటంతట అవే అర్థమవుతాయి, సైట్‌లో జరిగే తప్పుల్లో చాలా భాగం ఈ రెండు చోట్లే జరుగుతాయి.

ఇక్కడ ఒక కేస్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసి చూపిస్తా. మీ ఇంటికి లోడ్లు, నేల, దూరాలు వేరే ఉంటాయి కాబట్టి ఈ సైజులు అలాగే ఎత్తి వేయొద్దు, మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇచ్చిన డ్రాయింగ్‌ని చదవడానికి, సైట్‌లో చెక్ చేసుకోవడానికి ఇది వాడుకోండి. లెక్క ఐఎస్ 456 పద్ధతిలో వేశా, కాంక్రీట్ ఎం25, స్టీలు ఎఫ్‌ఈ 500. అందరికీ సులువుగా ఉంటుందని టన్నుల్లోనే చెప్తున్నా, 1 టన్ను అంటే సుమారు 10 కిలోన్యూటన్లు.

మన కేస్ ఇది

హద్దు కాలమ్ 300 × 300 మిల్లీమీటర్లు, బయటి మొహం హద్దు మీద, అంటే కాలమ్ మధ్య గీత హద్దు నుంచి 0.15 మీటర్లు లోపల. దాని మీద వాడుక లోడు 40 టన్నులు. లోపలి కాలమ్ కూడా 300 × 300, లోడు 60 టన్నులు. రెండు కాలమ్‌ల మధ్య, సెంటర్ నుంచి సెంటర్‌కి, 4.5 మీటర్లు. నేల ఎస్‌బీసీ, అంటే నేల భద్రంగా మోయగలిగే ఒత్తిడి, చదరపు మీటరుకి 20 టన్నులు.

స్ట్రాప్ లేకుండా ఊరికే ఒక చివర కాలమ్ పెట్టి ఫుటింగ్ వేస్తే ఏమవుతుందో ముందు చూద్దాం, ఎందుకంటే కొంతమంది ఫుటింగ్ కొంచెం పెద్దది వేస్తే సరిపోతుంది కదా అంటారు. హద్దు నుంచి లోపలికి 1.5 మీటర్లు పొడవు, హద్దు వెంబడి 1.75 మీటర్ల వెడల్పు ఫుటింగ్ అనుకోండి. ఫుటింగ్ మధ్య హద్దు నుంచి 0.75 దగ్గర, కాలమ్ మధ్య 0.15 దగ్గర, తేడా 0.6 మీటర్లు. ఈ తేడా పొడవులో ఆరో వంతు, అంటే 0.25, దాటితే ఫుటింగ్ లోపలి వైపు నేల నుంచి లేచిపోతుంది. ఇక్కడ లెక్క వేస్తే 1.5 మీటర్లలో నేలని తాకేది హద్దు వైపు 0.45 మీటర్లు మాత్రమే, ఆ అంచు దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకి 100 టన్నులు దాటుతుంది. నేల మోయగలిగేది 20. అయిదు రెట్లు! పెద్దది వేసినా లాభం లేదు, లోపలికి పెంచిన కొద్దీ ఫుటింగ్ మధ్య కూడా లోపలికి జరిగి ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

మొదటి అడుగు: హద్దు ఫుటింగ్ పొడవు ఎంచుకోవడం

డిజైన్ అంతా ఈ ఒక్క నిర్ణయం మీదే నడుస్తుంది. హద్దు నుంచి లోపలికి ఫుటింగ్ ఎంత పొడవు పెడితే, తేడా (దీన్ని e అందాం) అంత పెరుగుతుంది, బీమ్‌లో మొమెంట్, అంటే దాన్ని వంచే ప్రభావం, కూడా దాంతో పాటే పెరుగుతుంది. మరీ పొట్టిగా పెడితే హద్దు వెంబడి ఫుటింగ్ బాగా వెడల్పు కావాలి, అప్పుడు పక్క కాలమ్ ఫుటింగ్‌కి తగలొచ్చు.

మన కేస్‌లో పొడవు 1.2 పెడితే వెడల్పు 2 మీటర్లు దాటాలి, బీమ్ మొమెంట్, భద్రత కోసం లోడ్లని 1.5తో గుణించి చూస్తే, సుమారు 23 టన్ను మీటర్లు. 1.5 పెడితే వెడల్పు 1.7, మొమెంట్ 30. 2 మీటర్లు పెడితే వెడల్పు 1.4 కంటే తక్కువే చాలు గానీ మొమెంట్ 40కి దగ్గరగా వెళ్తుంది. నేనైతే పక్కన చోటు ఉన్నంత వరకు హద్దు వెంబడి వెడల్పుగా, లోపలికి పొట్టిగా పెట్టడానికే మొగ్గుతా, చాలామంది అలవాటు కొద్దీ చదరంగా గీసేస్తారు, దానివల్ల బీమ్‌కి ఊరికే స్టీలు పెరుగుతుంది. ఇక్కడ 1.5 తీసుకుందాం.

రెండో అడుగు: నేల నుంచి ఎంత పైకి తోయాలి

లోపలి కాలమ్ దగ్గర మొమెంట్ తీసుకుంటే ఒక్క లైన్‌లో తేలిపోతుంది. P1 హద్దు కాలమ్ లోడు, L రెండు కాలమ్‌ల మధ్య దూరం, R1 హద్దు ఫుటింగ్ కింద నేల తోపుడు.

```
R1 = P1 × L / (L − e)
   = 40 × 4.5 / (4.5 − 0.6) = 46.15
```

అంటే కాలమ్ మీద 40 టన్నులే ఉన్నా, హద్దు ఫుటింగ్ కింద నేల 46 టన్నులు మోయాలి. ఎక్కువైన ఆ 6 టన్నులు లోపలి కాలమ్ నుంచి వచ్చినవి, బీమ్ ద్వారా లోపలి కాలమ్‌ని 6 టన్నుల మేర పైకి ఎత్తుతున్నట్టు లెక్క. ఇది మర్చిపోయి హద్దు ఫుటింగ్‌ని 40 టన్నులకే సైజ్ చేస్తే మొదట్లోనే చిన్నదైపోతుంది.

ఫుటింగ్ సొంత బరువుకి పది శాతం కలిపితే 46.15 × 1.1 = 50.8, దాన్ని 20తో భాగిస్తే 2.54 చదరపు మీటర్లు, 1.5తో భాగిస్తే 1.69, సో వెడల్పు 1.75 పెడదాం.

లోపలి ఫుటింగ్‌కి లెక్క ప్రకారం 60 లోంచి 6 తీసేసి 54 టన్నులకి వేయొచ్చు. కానీ ఆ తగ్గింపు వాడుకోవడం నాకు ఇష్టం లేదు. హద్దు కాలమ్ మీద లైవ్ లోడు లేని రోజు ఆ ఎత్తుడు కూడా తగ్గుతుంది, కట్టే సమయంలో లోపలి కాలమ్ మీద ముందుగా లోడు రావచ్చు. కాబట్టి పూర్తి 60కే వేస్తా: 66 ÷ 20 = 3.3, అంటే 1.85 × 1.85 మీటర్లు, కాలమ్ సరిగ్గా మధ్యలో.

ఇక్కడే ఇంకో చెక్. లోపలి కాలమ్ మీద ఎప్పుడూ ఉండే డెడ్ లోడు ఆ 6 టన్నుల ఎత్తుడు కంటే బాగా ఎక్కువ ఉండాలి. 60 టన్నుల కాలమ్‌కి ఇది సమస్యే కాదు, కానీ పోర్టికో కాలమ్ లాంటి తేలిక కాలమ్‌కి స్ట్రాప్ కట్టేస్తే అది పట్టి ఉంచలేదు, అదే పైకి లేస్తుంది.

మూడో అడుగు: బీమ్‌లో మొమెంట్, షియర్

ఇక నుంచి లోడ్లని 1.5తో గుణించిన విలువలు: హద్దు కాలమ్ 60 టన్నులు, దాని కింద నేల తోపుడు 69.2 టన్నులు, అది 1.5 మీటర్ల పొడవునా సమానంగా పరుచుకుంటే మీటరుకి 46.15 టన్నులు.

మొమెంట్ ఎక్కడ గరిష్ఠం అంటే చాలామంది బీమ్ మధ్యలో అంటారు, కాదు. షియర్, అంటే బీమ్‌ని నిలువుగా కోసేలా పనిచేసే బలం, సున్నా అయ్యే చోట గరిష్ఠం. కాలమ్ కిందకి 60 తోస్తోంది, నేల మీటరుకి 46.15 చొప్పున పైకి తోస్తోంది, రెండూ సరిసమానం అయ్యేది హద్దు నుంచి 60 ÷ 46.15 = 1.3 మీటర్ల దగ్గర, అంటే హద్దు ఫుటింగ్ లోపలే, దాని లోపలి అంచుకి ఇంకా 200 మిల్లీమీటర్ల ముందు. అక్కడ మొమెంట్:

```
M = 46.15 × 1.3² / 2 − 60 × (1.3 − 0.15)
  = 39 − 69 = −30
```

మైనస్ అంటే లాగుడు పైన. ఫుటింగ్ అంచు దగ్గర 29, అక్కడి నుంచి లోపలి ఫుటింగ్ వైపు వెళ్ళే కొద్దీ సరళరేఖలా తగ్గుతూ పోతుంది. రెండు ఫుటింగ్‌ల మధ్య ఉన్న బీమ్ ముక్కలో షియర్ మాత్రం ఒకే విలువ, 9.2 టన్నులు, అంతే, చాలా తక్కువ. కానీ హద్దు కాలమ్ లోపలి మొహం దగ్గర షియర్ చూడండి: 60 − 46.15 × 0.3 = 46 టన్నులు. మధ్యలో కనిపించే బీమ్ కంటే ఫుటింగ్ లోపల దాగిన బీమ్ ముక్కలో అయిదు రెట్లు షియర్. రింగులు దగ్గరగా పడాల్సింది అక్కడ. సైట్‌లో సరిగ్గా ఉల్టా చేస్తారు, బయట కనిపించే మధ్య భాగంలో నీట్‌గా దగ్గర దగ్గరగా కట్టి, ఫుటింగ్ మీద "అక్కడ ఎలాగూ కాంక్రీట్ దిమ్మ ఉంది కదా" అని రెండు మూడు రింగులతో వదిలేస్తారు.

లోపలి ఫుటింగ్ పైన బొమ్మ తిరగబడుతుంది. అక్కడ ఫుటింగ్ మొత్తం కాలమ్‌కి రెండు పక్కలా పైకి వంగుతుంది, లాగుడు కిందకి వస్తుంది, కాలమ్ మొహం దగ్గర సుమారు 13 టన్ను మీటర్లు. కాబట్టి కింది రాడ్లు కూడా పేరుకి రెండు పెట్టి ఊరుకోవడం కుదరదు.

నాలుగో అడుగు: బీమ్ సైజు

స్ట్రాప్ పని చేయాలంటే ఫుటింగ్ కంటే గట్టిగా ఉండాలి, అది వంగిపోతే ఒరుగుడు ఆగదు. వాడుకలో ఉన్న కొలమానం ఏంటంటే స్ట్రాప్ మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, అంటే వంగకుండా నిలబడే గట్టిదనానికి కొలత, ఫుటింగ్ దానికి కనీసం రెట్టింపు ఉండాలి. ఫుటింగ్‌లు 350 మందం అనుకుందాం. 1.75 వెడల్పు ఫుటింగ్‌కి 0.0063, 1.85 దానికి 0.0066, స్ట్రాప్ 400 × 750 పెడితే 0.0141. రెండిటికీ రెట్టింపు దాటింది. అదే 400 × 600 పెట్టి ఉంటే 0.0072, స్టీలు లెక్క కుదిరినా గట్టిదనం చాలదు. బీమ్ లోతు విషయంలో పిసినారితనం పనికిరాదు అనేది ఇందుకే.

వెడల్పు 400 ఎందుకంటే కాలమ్ 300, బీమ్ కాలమ్ కంటే రెండు పక్కలా 50 వెడల్పు ఉంటే కాలమ్ రాడ్లు బీమ్ మూల రాడ్లకి లోపలి వైపు దిగిపోతాయి, ఒకదానికొకటి అడ్డం రావు. బీమ్, కాలమ్ రెండూ 300 పెడితే మూల రాడ్లు గుద్దుకుంటాయి, అప్పుడు రాడ్ బెండర్ ఏదో ఒకటి వంచేస్తాడు, ఏది వంచాడో మనకి తెలీదు.

అయిదో అడుగు: స్టీలు

పై రాడ్లు: 30 టన్ను మీటర్లకి, కవర్ 50 పోగా పని చేసే లోతు 680 తీసుకుంటే, కావాల్సిన స్టీలు సుమారు 1100 చదరపు మిల్లీమీటర్లు. 20 ఎంఎం రాడ్లు నాలుగు పెడితే 1257, సరిపోయింది. నాలుగూ ఒకే వరసలో, హద్దు చివర నుంచి లోపలి ఫుటింగ్ అవతలి అంచు దాకా, మధ్యలో ఎక్కడా జాయింట్ లేకుండా.

జాయింట్ లేకుండా ఎలా అంటే, లెక్క చూడండి. బీమ్ మొత్తం పొడవు హద్దు నుంచి లోపలి ఫుటింగ్ అవతలి అంచు దాకా 5.575, రెండు చివర్లా కవర్ తీసేస్తే 5.475, హద్దు వైపు కిందకి 400 వంపు కలిపితే సుమారు 5.9 మీటర్లు. 12 మీటర్ల రాడ్డు సగానికి కోస్తే రెండు వస్తాయి, వేస్ట్ కూడా లేదు. పాత ముక్కలు ఉన్నాయి కదా అని అతికించి వేస్తామంటే ఒప్పుకోకండి, ముఖ్యంగా హద్దు ఫుటింగ్ మీద, లాగుడు గరిష్ఠంగా ఉండేది అక్కడే.

ఆ 400 వంపు ఎందుకో కూడా చెప్పాలి. 20 ఎంఎం రాడ్డుకి ఈ కాంక్రీట్‌లో పట్టు దొరకాలంటే 970 మిల్లీమీటర్లు పొడవు కావాలి. గరిష్ఠ మొమెంట్ ఉన్న 1.3 దగ్గర నుంచి హద్దు చివరకి 1.25 మీటర్లు ఉంది కాబట్టి అక్కడికి సరిపోతుంది, కానీ కాలమ్ లోపలి మొహం దగ్గర కూడా ఇంకా 7 టన్ను మీటర్ల దాకా మొమెంట్ మిగిలే ఉంది, అక్కడి నుంచి అంచుకి ఉన్నది 250 మిల్లీమీటర్లే. అందుకే చివర కిందకి వంచాలి. కాలమ్ రాడ్ల మధ్య సందుల్లోంచి నిలువుగా కిందకి దిగాలి, పక్కకి తిప్పేస్తే కాదు.

కింది రాడ్లు 16 ఎంఎం మూడు, ఇవి కూడా పూర్తి పొడవు. లోపలి ఫుటింగ్ మీద వచ్చే ఆ కింది లాగుడుకి ఇవి సరిపోతాయి. బీమ్ మధ్య ఎత్తులో పక్కకి ఒక్కో 12 ఎంఎం చొప్పున రెండు రాడ్లు కూడా పెడతా, 750 లోతుకి కచ్చితంగా కావాలని ఏం లేదు గానీ పక్క మొహాల్లో ఎండుడు పగుళ్ళు తగ్గుతాయి, పంజరం కూడా ఊగకుండా నిలబడుతుంది.

రింగులు 10 ఎంఎం, రెండు కాళ్ళవి. హద్దు చివర నుంచి ఫుటింగ్ అంచు దాటి 1.7 మీటర్ల దాకా 100కి ఒకటి, మధ్య ముక్కలో 200కి ఒకటి, మళ్ళీ లోపలి ఫుటింగ్ పైన పూర్తిగా 100కి ఒకటి. కోడ్ ప్రకారం కాలమ్ మొహం నుంచి బీమ్ లోతంత దూరం జరిగి షియర్ చూసుకోవచ్చు, అలా చూస్తే 46 టన్నులు కాస్తా 15కి పడిపోతుంది, రింగులు చాలా తగ్గుతాయి. నేను మొహం దగ్గర విలువకే వేస్తా. ఆ చివర బీమ్‌కి అవతల ఏమీ లేదు, కాలమ్ అంచునే నిలబడి ఉంది, అక్కడ ఇంకో పది రింగులు ఎక్కువ పడితే పోయేదేం లేదు.

ఫుటింగ్ జాలి గురించి క్లుప్తంగా. స్ట్రాప్ ఉన్నప్పుడు హద్దు ఫుటింగ్ స్లాబ్ బీమ్‌కి రెండు పక్కలా రెక్కల్లా వంగుతుంది, కాబట్టి దాని మెయిన్ రాడ్లు హద్దుకి సమాంతరంగా నడిచేవి: 12 ఎంఎం 150కి ఒకటి, ఇవి అన్నిటికంటే కింద ఉండాలి. వాటి మీద లోపలికి వెళ్ళేవి 10 ఎంఎం 150కి. లోపలి ఫుటింగ్‌కి రెండు వైపులా 12 ఎంఎం 100కి.

ఆరో అడుగు: తవ్వడం, హద్దు వైపు షట్టర్

పక్కన ఇల్లు ఉంటే వాళ్ళ పునాది ఎంత లోతులో ఉందో తెలుసుకోకుండా హద్దు వెంబడి తవ్వొద్దు. మన గొయ్యి వాళ్ళ పునాది అడుగు కంటే కిందకి వెళ్తుంటే హద్దు పొడవునా ఒకేసారి తెరవకూడదు, ఒక్కో ఫుటింగ్ గొయ్యి తవ్వి, కాంక్రీట్ వేసి, పూడ్చి, తర్వాత పక్కది. వాన పడే రోజుల్లో గొయ్యి తెరిచి వదిలేయడం అన్నిటికంటే ప్రమాదం.

హద్దు వైపు షట్టర్ తర్వాత తీయడానికి చోటు ఉండదు. కాబట్టి అక్కడ సింగిల్ ఇటుక గోడ కట్టి దాని మీద ప్లాస్టిక్ షీట్ వేసి వదిలేయడమో, నేరుగా మట్టి కోతకే కాంక్రీట్ వేయడమో చేస్తారు. మట్టికే వేస్తే ఆ వైపు కవర్ 50 చాలదు, 75 ఉంచండి. ఇటుక గోడ కట్టేట్టయితే దాని మందం మన స్థలంలోనే పోతుంది, అంటే కాలమ్, ఫుటింగ్ అంత మేర లోపలికి జరుగుతాయి, ఇది మార్కింగ్ రోజే లెక్కలో వేసుకోవాలి. కాలమ్ ఒక్కటే జరిపి ఫుటింగ్ జరపకపోయినా, ఫుటింగ్ జరిపి కాలమ్ జరపకపోయినా e మారిపోతుంది.

రెండు ఫుటింగ్‌ల అడుగు ఒకే లెవెల్‌లో, ఒకే రకం నేల మీద ఉండాలి. ఒకటి గట్టి నేల మీద, ఒకటి పూడ్చిన మట్టి మీద ఉంటే ఎక్కువ దిగేది రెండోదాన్ని బీమ్ ద్వారా లాగుతుంది, ఆ లోడు మన లెక్కలో ఎక్కడా లేదు.

ఏడో అడుగు: బీమ్ కింద ఖాళీ

రెండు ఫుటింగ్‌ల మధ్య ఉన్న ముక్క, మన కేస్‌లో 2.225 మీటర్లు, నేల మీద ఆనకూడదు. ఆనితే నేల అక్కడ కూడా పైకి తోస్తుంది, తోపుడు మొత్తం కాలమ్‌కి ఇంకా దూరం జరిగినట్టు అవుతుంది, e పెరిగినట్టే, బీమ్ పైన లాగుడు మనం లెక్కేసిన 30 దాటిపోతుంది. ఉబ్బే నల్లమట్టి అయితే ఇంకా ఘోరం, వానాకాలం మట్టి ఉబ్బి బీమ్‌ని కింద నుంచి ఎత్తుతుంది.

కాబట్టి బీమ్ అడుగుని ఫుటింగ్ అడుగు కంటే 100 మిల్లీమీటర్లు పైన పెడతా. దీనివల్ల ఫుటింగ్ జాలి మీదుగా బీమ్ కింది రాడ్లు ఇబ్బంది లేకుండా వెళ్తాయి, మధ్య ముక్క కింద 100 ఖాళీ కూడా వస్తుంది. ఆ ఖాళీలో దిమ్మిస కొట్టని వదులు మట్టి నింపి, పైన ప్లాస్టిక్ షీట్ పరిచి కాంక్రీట్ వేయొచ్చు. తక్కువ సాంద్రత ఉన్న మెత్తటి థర్మోకోల్ అయితే ఇంకా శుభ్రం, గట్టి రకం వేస్తే అదే నేల పని చేస్తుంది. అడుగు పలక పెట్టి తర్వాత లాగేయగలిగితే అన్నిటికంటే మంచిది.

చేయకూడనిది ఒక్కటే: బీమ్ కింద ఫుటింగ్‌లకి వేసినట్టు పీసీసీ, అంటే రాడ్లు లేని కాంక్రీట్ పొర, వేసి దాని మీద బీమ్ కూర్చోబెట్టడం. మేస్త్రీలు ఇది మంచి మనసుతోనే చేస్తారు, పని శుభ్రంగా ఉంటుందని. పీసీసీ వేసే రోజు మీరు అక్కడ ఉండి ఫుటింగ్ గుంతల వరకే ఆపించండి.

ఎనిమిదో అడుగు: రాడ్ల పని చెక్ చేయడం

వరుస ఇలా: పీసీసీ, కవర్ బ్లాకులు, ఫుటింగ్ జాలి, దాని మీద బీమ్ పంజరం, తర్వాత కాలమ్ రాడ్లు. కాలమ్ రాడ్లు బీమ్ లోంచి దిగి ఫుటింగ్ జాలి మీద కూర్చోవాలి, హద్దు కాలమ్‌కి వాటి అడుగు వంపులు అన్నీ లోపలి వైపుకి గానీ పక్కలకి గానీ తిరగాలి, హద్దు వైపు చోటు లేదు.

పోయడానికి ముందు గొయ్యి పైన నిలబడి చూడండి. పైకి నాలుగు లావు రాడ్లు కనిపిస్తే సరే. మూడే కనిపిస్తే పంజరం తలకిందులుగా దించేశారు. ఇది నిజంగా జరుగుతుంది, ఎందుకంటే మామూలు ఇంటి బీమ్‌లో మధ్యలో లావు రాడ్లు కింద ఉంటాయి, చేతులకి అదే అలవాటు, డ్రాయింగ్ చదవకుండా కట్టేస్తే ఇది కూడా అలాగే కడతారు. తలకిందులైతే 20 ఎంఎం నాలుగు ఉండాల్సిన చోట 16 ఎంఎం మూడు, అంటే సగం కంటే తక్కువ స్టీలు పైన పడుతుంది. పోసేశాక బయట నుంచి చూసి పట్టుకోలేరు.

తర్వాత టేపు పెట్టి హద్దు ఫుటింగ్ మీద రింగుల దూరం, పై రాడ్ల చివరి వంపు, పై రాడ్ల మీద 50 కవర్ చూడండి. పై కవర్ ఎందుకు అంటున్నానంటే మనుషులు పంజరం మీద నడిచి పై రాడ్లు కిందకి దిగిపోతే పని చేసే లోతు తగ్గిపోతుంది, 50 మిల్లీమీటర్లు దిగితే బలం ఏడెనిమిది శాతం పోయినట్టే.

తొమ్మిదో అడుగు: కాంక్రీట్

రెండు ఫుటింగ్‌లు, మధ్య ముక్క, ఫుటింగ్‌ల మీద నిలబడే బీమ్ అన్నీ కలిపి సుమారు 3.5 ఘనపు మీటర్లు. ఇదంతా ఒకే రోజు, ఆపకుండా పోయాలి. ఫుటింగ్‌లు ఇవాళ పోసి బీమ్ రేపు పోస్తామంటే ఫుటింగ్ పై మట్టానికి, బీమ్‌కి మధ్య జాయింట్ పడుతుంది. షియర్ ఎక్కువ ఉన్నదీ సరిగ్గా అక్కడే, హద్దు ఫుటింగ్ మీద. 3.5 మీటర్లు పెద్ద పనేం కాదు, మిక్సర్‌తో కూడా ఒక పూటలో అయిపోతుంది.

ముందు రెండు ఫుటింగ్‌లు 350 మందం నింపండి, కొంచెం బిగుసుకునేలోపే, ఇంకా వైబ్రేటర్ సూది దిగేంత మెత్తగా ఉండగానే, బీమ్‌ని రెండు మూడు పొరల్లో పోయండి, ప్రతి పొరకీ సూది కింది పొరలోకి 100 దాకా దిగాలి. మరీ తొందరగా పోస్తే బీమ్ బరువుకి పక్కన ఫుటింగ్ కాంక్రీట్ ఉబ్బి పైకి వస్తుంది, మరీ లేట్ అయితే జాయింట్ పడుతుంది, వాతావరణం చూసి అరగంట ముప్పావుగంట అటూ ఇటూ. హద్దు కాలమ్ మూలలో రాడ్లు ఒత్తుగా ఉంటాయి, 20 ఎంఎం కంకర దాటనీయకండి, సన్న సూది వాడండి, అక్కడ కాంక్రీట్ నిండక తేనెపట్టులా బొక్కలు పడితే పై రాడ్ల పట్టు మొత్తం పోతుంది. కాంక్రీట్ దిగట్లేదని నీళ్ళు కొట్టనీయొద్దు, స్లంప్ 100 దగ్గర ఉండేలా మొదటే చూసుకుంటే ఆ అవసరం రాదు.

పక్క షట్టర్లు మర్నాడు తీయొచ్చు. తీసిన వెంటనే హద్దు ఫుటింగ్ చుట్టూ, బీమ్ పక్కలా తేనెపట్టు ఉందేమో చూడండి, మట్టి పూడ్చాక చూసే వీలుండదు. క్యూరింగ్ కనీసం ఏడు రోజులు, తడి గోనెలతో, గొయ్యిలో నీళ్ళు నిలబెట్టి మాత్రం కాదు, హద్దు పక్క మట్టి నాని మెత్తబడిపోతుంది. పూడ్చేటప్పుడు ఫుటింగ్‌ల చుట్టూ పొరలు పొరలుగా దిమ్మిస కొట్టండి, బీమ్ పక్కల నుంచి మాత్రం దాని కిందకి మట్టి కుక్కొద్దు, 100 ఖాళీ అలాగే ఉండాలి.

ఎప్పుడు స్ట్రాప్ వద్దు

రెండు కాలమ్‌లు మరీ దగ్గరగా ఉండి ఫుటింగ్‌లు దాదాపు తగులుతుంటే రెండిటికీ కలిపి ఒకే కంబైన్డ్ ఫుటింగ్ వేయడం సులువు, మధ్యలో అర మీటరు సందు కోసం స్ట్రాప్ కట్టడంలో అర్థం లేదు. దూరం పెరిగితే విచిత్రంగా మొమెంట్ పెద్దగా పెరగదు, అది ముఖ్యంగా హద్దు లోడు, e మీదే ఆధారపడుతుంది, కానీ పొడవు బీమ్ ఎక్కువ వంగుతుంది కాబట్టి లోతు ఇంకా పెంచాలి. నేల బాగా మెత్తనిదై ఎస్‌బీసీ 10 కంటే తక్కువ ఉంటే హద్దు ఫుటింగ్ వెడల్పు మూడు మీటర్లు దాటిపోతుంది, అప్పుడు రాఫ్ట్ గురించో పైల్స్ గురించో ఇంజనీర్‌తో మాట్లాడండి. మూల ప్లాట్‌లో రెండు హద్దులు కలిసే మూల కాలమ్‌కి ఒరుగుడు రెండు దిక్కులా ఉంటుంది, ఒక్క స్ట్రాప్ ఒక దిక్కే ఆపుతుంది, రెండో దిక్కుకి ఇంకో స్ట్రాప్ వేయాలి, రెండిటి పై రాడ్లూ ఆ ఒక్క మూలలోనే దాటాలి కాబట్టి ఏది పైన ఏది కింద అన్నది డ్రాయింగ్‌లోనే రాయించుకోండి.